పిత్తాశయం రిపోర్టును విప్పి చదవడం: నా అనుభవం

డిశ్చార్జ్ సమ్మరీల్లో ఇలాంటి వాక్యం తరచూ కనిపిస్తుంది: "కోలెలిథయాసిస్, కోలెడోకోలిథయాసిస్, కోలాంజైటిస్ ఉన్నాయి. ఈఆర్‌సీపీ, స్ఫింక్టరాటమీ చేశాం. తర్వాత లాపరోస్కోపిక్ కోలెసిస్టెక్టమీ చేశాం." చదివేవాళ్ళకు అన్నీ ఒకేలా మోగుతాయి, కోల్ కోల్ అని. నా పని డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన ఆడియో విని ఇలాంటి రిపోర్టులు టైపు చేయడం, సరిచూడడం. ఈ మాటల్ని బట్టీపట్టడం నేను ఎప్పుడో మానేశాను. కీలు ఎక్కడుందో చూసి విప్పుతాను. ఎలా విప్పుతానో, ఎక్కడ దెబ్బతింటామో ఈ ఒక్క రిపోర్టు పెట్టుకునే చెబుతాను. పిత్తాశయం చుట్టూ ఉన్న మాటల కుటుంబం ఒక్కటి బాగా పట్టుబడితే మిగతా శరీరానికి పద్ధతి అదే.

ముందు చివర చూడాలి. అందరూ చేసే పొరపాటు మొదటి నుంచి చదవడం. తెలుగులో క్రియ చివర వచ్చినట్టు, వైద్య పదంలో అసలు సంగతి ప్రత్యయంలో ఉంటుంది. చేసినది పరీక్షా, కోతా, తీసివేతా, లేక ఉన్నది వాపా, రాళ్ళా అన్నది అక్కడే తేలుతుంది. కోలెసిస్టెక్టమీ చివర ఎక్టమీ, అంటే కోసి బయటికి తీసేయడం. గ్రీకులో "ఎక్" అంటే బయటికి, "టమీ" అంటే కోత. ఇప్పుడు మొదటికి వస్తే "కోలె", అంటే పిత్తం. మధ్యలో "సిస్ట్", అంటే సంచి. పిత్తపు సంచిని కోసి తీసేయడం. చివర, మొదలు, మధ్య: నేను చదివే వరస ఇదే.

ఈ వరసలో మధ్యను తేలిగ్గా తీసుకోకూడదు. "సిస్ట్" ఒక్కటే ఉంటే అది మూత్రాశయం. సిస్టైటిస్ అంటే మూత్రాశయపు వాపు, సిస్టాస్కోపీ అంటే మూత్రాశయంలోకి గొట్టం పెట్టి చూడడం. కోలెసిస్టెక్టమీ ఆడియోలో మొదటి రెండక్షరాలు దగ్గులో కలిసిపోయి సిస్టెక్టమీ అని మాత్రమే వినబడితే, మనం టైపు చేసేది పిత్తాశయం కాదు, మూత్రాశయాన్ని తీసేసిన ఆపరేషన్. అండాశయం మీది నీటి తిత్తిని తీయడాన్ని కూడా సిస్టెక్టమీ అనే అంటారు కాబట్టి, ఏ సిస్టో చెప్పే మాట ముందు ఉందో లేదో చూడకుండా ఆ పదాన్ని నేను వదలను.

ఇక కీళ్ళు. మన వ్యాకరణంలో లోపం, ఆగమం అని చదువుకున్నాం కదా, అవి రెండూ ఇక్కడ పనికొస్తాయి. రెండు ముక్కల మధ్య సాధారణంగా ఒక "ఓ" వస్తుంది. ఇది ఆగమం లాంటిది. మనకు రెండు అచ్చుల మధ్య యకారం దూరినట్టు, వీళ్ళకు రెండు హల్లుల మధ్య ఓ దూరుతుంది. గాస్ట్ర్ అంటే జీర్ణాశయం, దాని పక్కన స్కోపీ పెడితే గాస్ట్రోస్కోపీ. అదే ప్రత్యయం అచ్చుతో మొదలైతే ఆ ఓ అక్కర్లేదు. గాస్ట్ర్, ఐటిస్ కలిస్తే గాస్ట్రైటిస్, గాస్ట్రోయైటిస్ కాదు. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టే అనుకోండి. కానీ ఓ పోయేది ప్రత్యయం ముందు మాత్రమే. రెండు అవయవాల పేర్లు కలిసేటప్పుడు రెండోది అచ్చుతో మొదలైనా ఓ నిలబడుతుంది. అందుకే జీర్ణాశయం, పేగు కలిసిన గాస్ట్రోఎంటెరైటిస్. కొత్తవాళ్ళు గాస్ట్రెంటెరైటిస్ అని రాసేది ఈ తేడా తెలియకే.

మన రిపోర్టులో ఈ నియమాలు ఎలా పనిచేశాయో చూద్దాం. "కోలె" అన్న ముక్కే కొంచెం వేరు. దాని కీలు ఓ కాదు, ఎ. గ్రీకు మూలంలోనే అది చివర ఏకారం ఉన్న పదం. అందుకే కోలెలిథయాసిస్‌లో ఎ వినబడుతుంది. లిథ్ అంటే రాయి, అయాసిస్ అంటే అలాంటి స్థితి. లిథ్ తర్వాత అచ్చు వచ్చింది కాబట్టి అక్కడ ఓ రాలేదు. కోలాంజైటిస్‌లో చూస్తే "కోలె"లోని ఎ పోయింది, ఎందుకంటే పక్కన వచ్చిన "ఆంజి" అచ్చుతో మొదలైంది, ఓ లాగా ఈ ఎ నిలబడదు. ఆంజి అంటే నాళం. రెండూ కలిస్తే పిత్తనాళం. ఇక్కడ ఇంకో లోపం కూడా ఉంది. "ఆంజి" చివర ఐ అక్షరం, "ఐటిస్" మొదట ఐ అక్షరం. ఇంగ్లిష్ స్పెల్లింగులో రెండు ఐలు పక్కపక్కన రావాలి, కానీ ఒకటి పోతుంది. కార్డి, ఐటిస్ కలిస్తే కార్డైటిస్ అయ్యేదీ ఇలాగే. విప్పేటప్పుడు ఆ పోయిన ఐని మనమే మళ్ళీ పెట్టుకోవాలి. లేకపోతే నాళం అనే ముక్క "కోలాంజ్" దగ్గర తెగిపోయి, దానికి అర్థం దొరకక ఆగిపోతాం.

కోలెడోకోలిథయాసిస్‌కూ కోలెలిథయాసిస్‌కూ మధ్య ఉన్న "డోక్" చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వైద్యం మారేది దానివల్లే. డోక్ అంటే అందుకునేది, పట్టుకునేది. పిత్తాన్ని అందుకుని పేగులోకి మోసుకెళ్ళేది కోలెడోక్, అంటే ఉమ్మడి పిత్తవాహిక. కాబట్టి మొదటి పదం వాడుకలో పిత్తాశయంలో రాళ్ళు, రెండో పదం ఆ వాహికలోకి జారిన రాళ్ళు. సంచిలో ఉన్న రాయి ఏళ్ళ తరబడి మాట్లాడకుండా కూర్చోవచ్చు. వాహికలో ఇరుక్కున్నది కామెర్లు తెస్తుంది, ఇన్‌ఫెక్షన్ తోడైతే కోలాంజైటిస్ తెస్తుంది. మన రిపోర్టులో మూడు జబ్బులు ఆ వరసలోనే రాసి ఉన్నాయి: రాయి ఉంది, జారింది, నాళం వాచింది. మూడు పదాలు విప్పితే కథ మొత్తం వచ్చేసింది.

ఇప్పుడు ప్రత్యయాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తపడేలా చేసేవి: టమీ, స్టమీ, ఎక్టమీ. టమీ అంటే కోసి తెరవడం మాత్రమే. స్టమీ అంటే నోరు పెట్టడం, గ్రీకులో స్టోమా అంటే నోరు, ఆ తెరిచిన దారి తెరిచే ఉంటుంది. ఎక్టమీ అంటే తీసేయడం. పిత్తాశయం చరిత్రలోనే ఈ మూడింటి తేడా ఉంది. 1867లో ఇండియానాపొలిస్‌లో జాన్ బాబ్స్ అనే సర్జన్ ఒక రోగి పిత్తాశయాన్ని కోసి, రాళ్ళు తీసి, మళ్ళీ కుట్టేశాడు. అది కోలెసిస్టాటమీ. సంచి అక్కడే ఉండిపోయింది. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ సంచినే తీసేశాడు. అది కోలెసిస్టెక్టమీ. సంచిని తీయాల్సింది రాళ్ళు ఉన్నాయని కాదు, రాళ్ళను అదే తయారు చేస్తుంది కాబట్టి అని ఆయన వాదన. ఇక మూడోది కోలెసిస్టాస్టమీ. ఆపరేషన్ తట్టుకోలేని రోగికి పిత్తాశయంలోకి గొట్టం పెట్టి, చీమును, పిత్తాన్ని బయటికి పోనివ్వడం. నేటికీ చేస్తారు. ఒకే అవయవం, మూడు ప్రత్యయాలు, ముగ్గురు వేరు వేరు రోగులు.

చెవికి మాత్రం కోలెసిస్టాటమీ, కోలెసిస్టాస్టమీల మధ్య తేడా ఒక్క "స్" మాత్రమే. దీన్ని ఇంకా చిక్కుచేసేది "సిస్ట్" అనే ముక్కలోనే ఒక "స్ట్" ఉండడం. సిస్టాటమీ అని టైపు చేసిన పదాన్ని మీరు పరధ్యానంగా చూస్తే, ముందున్న స్ట్‌ను ప్రత్యయంలోది అనుకుని స్టమీ అని చదివేస్తారు. దీనికి నేను వాడే ఉపాయం చాలా మొరటుది. చివరి నుంచి నాలుగు అక్షరాలు టి-ఓ-ఎం-వై వేలితో మూసి, మిగిలినదాంట్లో చివరి అక్షరం చూస్తాను. ఓ ఉంటే టమీ, ఎస్ ఉంటే స్టమీ, సి ఉంటే ఎక్టమీ. అంతే. పదం ఎంత పొడుగున్నా ఇది తప్పదు.

స్టమీలో ఇంకో లోతు ఉంది, పుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. స్టమీ ముందు ఒక్క అవయవం ఉంటే ఆ అవయవానికి సాధారణంగా చర్మం మీదికి నోరు పెట్టినట్టు. రెండు అవయవాలుంటే ఆ రెండింటినీ ఒకదానికొకటి కలిపినట్టు. జెజునాస్టమీ అంటే చిన్నపేగు మధ్యభాగానికి కడుపు మీది నుంచి దారి, తరచుగా ఆహారం పంపే గొట్టం కోసం. కోలెడోకోజెజునాస్టమీ అంటే పిత్తవాహికను అదే పేగుకు కలపడం. బయట రంధ్రం ఏమీ ఉండదు. ఈ తేడా పట్టుకోని వాళ్ళు, రెండో ఆపరేషన్ అయిన రోగికి కడుపు మీద సంచి కట్టి ఉంటుందని అనుకుంటారు. మెదడులో చేసే థర్డ్ వెంట్రిక్యులాస్టమీ లాంటి మినహాయింపులు లేకపోలేదు, అక్కడ ఒక్క పేరే ఉన్నా నోరు చర్మం మీదికి రాదు, లోపలే తెరుస్తారు. కానీ పొట్టలో మాత్రం ఈ నియమం చాలా దూరం నడిపిస్తుంది.

కోలెడోకోజెజునాస్టమీ అనే ఈ పదాన్నే ఇప్పుడు తిరగేసి కట్టి చూద్దాం, విప్పడం వచ్చిందో లేదో తెలిసేది కట్టడంలోనే. పని: ఉమ్మడి పిత్తవాహికను జెజునం అనే పేగుకు కలపాలి. ముందు ప్రత్యయం ఎంచుకుంటాను. కలపడం, కాబట్టి స్టమీ. తర్వాత రెండు అవయవాల పేర్లకు చివర ఉన్న విభక్తి లాంటి తోకలు కత్తిరించాలి. కోలెడోకస్‌లో "అస్" పోతే కోలెడోక్. జెజునంలో "అం" పోతే జెజున్. ఈ తోకల్ని అలాగే ఉంచి జెజునమాస్టమీ అనడం నేను సరిచూసే కాగితాల్లో తరచూ వచ్చే తప్పు. వరస ఏది? ప్రవాహం ఎటు వెళ్తుందో అటు. పిత్తం వాహిక నుంచి పేగులోకి వెళ్తుంది, కాబట్టి వాహిక ముందు. గాస్ట్రోజెజునాస్టమీలో జీర్ణాశయం ముందు రావడం కూడా అందుకే. ఇప్పుడు కీళ్ళు: కోలెడోక్‌కు, జెజున్‌కు మధ్య ఓ. జెజున్‌కు, స్టమీకి మధ్య ఓ, ఎందుకంటే స్టమీ హల్లుతో మొదలైంది. ఆ రెండో ఓ మనం పలికేటప్పుడు "ఆ"లాగా మారి జెజునాస్టమీ అవుతుంది. చెవిని నమ్మి ఇంగ్లిష్ స్పెల్లింగులో అక్కడ ఓ బదులు వేరే అక్షరం రాస్తే తప్పే.

కట్టాక చివర నుంచి చదివి సరిచూస్తాను. నోరు కలపడం, పిత్తవాహిక, జెజునం. సరిపోయింది. ఎస్ ఒక్కటి పోయి జెజునాటమీ అయితే పేగును కోసి తెరిచారని అర్థం వస్తుంది, కలిపారని కాదు. ఇదే ఆపరేషన్‌ను కాస్త పైకి, కాలేయం నుంచి వచ్చే నాళం దగ్గర చేస్తే హెపాటికోజెజునాస్టమీ అంటారు. ఇక్కడ "హెపాటికో" అన్న ఆ అదనపు "ఇక్"ను తీసేయాలనిపిస్తుంది, హెపాట్ అంటే కాలేయం కదా అని. తీయకూడదు. హెపాట్ కాలేయం, హెపాటిక్ అన్నది ఇక్కడ కాలేయ నాళం. పేగును కలిపేది నాళానికి, కాలేయానికి కాదు.

రిపోర్టులో ఇక మిగిలినది ఈఆర్‌సీపీ. పూర్తిగా: ఎండోస్కోపిక్ రెట్రోగ్రేడ్ కోలాంజియోపాంక్రియాటోగ్రఫీ. చివర గ్రఫీ, అంటే చిత్రం తీయడం. గ్రామ్ అయితే తీసిన చిత్రం, గ్రాఫ్ అయితే సాధారణంగా తీసే పరికరం. ముందు కోలాంజి, పిత్తనాళం. పాంక్రియాట్, క్లోమం. పాంక్రియాస్ కదా, ఈ "ట్" ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. కొన్ని గ్రీకు నామాలకు షష్ఠీ విభక్తిలో కనిపించే అంగం వేరు. వైద్య పదాలు ఎక్కువగా ఆ అంగాన్నే వాడతాయి. అందుకే స్టోమా స్టొమాటైటిస్‌లో స్టొమాట్ అవుతుంది, డెర్మా డెర్మటైటిస్‌లో డెర్మట్ అవుతుంది. రెట్రో వెనక్కి, గ్రేడ్ నడక. రంగు మందును పిత్తం వచ్చే దిశకు ఎదురుగా, పేగు నుంచి నాళంలోకి ఎక్కిస్తారు కాబట్టి ఆ పేరు. స్ఫింక్టరాటమీ అంటే నాళం పేగులోకి తెరుచుకునే చోట ఉన్న కండర వలయాన్ని కోయడం. చివర టమీ, కాబట్టి వలయాన్ని తీసేయలేదు, దారి వెడల్పు చేశారు. ఆ దారిలోంచే రాయి బయటికి వస్తుంది.

ఇక్కడ విప్పడం మనల్ని మోసం చేసే చోటు కూడా ఉంది. పేరు ప్రకారం ఈఆర్‌సీపీ ఒక చిత్రం తీసే పరీక్ష. 1968లో మొదలైనప్పుడు అది నిజమే. 1974లో స్ఫింక్టరాటమీ తోడయ్యాక పని మారింది, పేరు మారలేదు. ఇవాళ దాన్ని చేసేది ఎక్కువగా రాయి లాగడానికో, స్టెంట్ పెట్టడానికో. ఊరికే చిత్రం కావాలంటే రంగు మందు ఎక్కించకుండా ఎమ్మారైతో తీసే ఎంఆర్‌సీపీ ఉంది. లాపరోస్కోపిక్ కూడా ఇలాంటిదే. లాపరా అంటే గ్రీకులో పక్క, అంటే పక్కటెముకలకూ తుంటికీ మధ్య ఉండే మెత్తటి భాగం. వాడుకలో అది మొత్తం పొట్ట అయిపోయింది. పదం విప్పితే వచ్చేది పేరు పెట్టినవాళ్ళ ఉద్దేశం, ఇవాళ్టి పని ఏమిటో వేరే చూసుకోవాలి.

ఇంకో చిక్కు లాటిన్ వల్ల వస్తుంది. ఒకే వస్తువుకు గ్రీకు మాట ఒకటి, లాటిన్ మాట ఒకటి ఉంటాయి. రాయికి లిథ్ గ్రీకు, కాల్క్యులస్ లాటిన్. పిత్తానికి కోలె గ్రీకు, బిలి లాటిన్. సాధారణంగా ఆపరేషన్లు, జబ్బుల పేర్లు గ్రీకువైపు, శరీర భాగాల విశేషణాలు లాటిన్ వైపు మొగ్గుతాయి. కలిసిపోయినవీ ఉన్నాయి. రాళ్ళు లేకుండా వచ్చే పిత్తాశయపు వాపును ఎకాల్క్యులస్ కోలెసిస్టైటిస్ అంటారు. ఆ ముందున్నది గ్రీకు "అ", మన అధర్మంలో ఉన్న అదే అ. అచ్చు ముందు అది "అన్" అవుతుంది, మన అనంతంలో అయినట్టే. ఇది యాదృచ్ఛికం కాదు, సంస్కృతానికీ గ్రీకుకూ ఉన్న బంధుత్వం. హైపర్ మన ఉపరి, పెరి మన పరి, డిస్ మన దుస్. ఈ ఉపసర్గలు మనవాళ్ళు వేరే బట్టీ పట్టనక్కర్లేదు. కామెర్ల రిపోర్టులో హైపర్‌బిలిరుబినీమియా కనిపిస్తే ఉపరి, పిత్తం, ఎరుపు, రక్తం అని నాలుగు ముక్కలు. పిత్తపు ఎర్ర రంగు పదార్థం రక్తంలో ఎక్కువైంది. ఇందులో గ్రీకు, లాటిన్ పక్కపక్కనే కూర్చున్నాయి, ఎవరికీ అభ్యంతరం లేదు.

కాల్క్యులస్ దగ్గర స్పెల్లింగు మాత్రం చూసుకోవాలి. చివర యు-ఎస్ ఉంటే నామవాచకం, రాయి. ఓ-యు-ఎస్ ఉంటే విశేషణం, రాళ్ళున్న. పలుకు ఒక్కటే. మ్యూకస్‌కూ ఇదే గొడవ.

తెలుగు లిపిలో రాసుకునేవాళ్ళకు దీనికంటే పెద్ద గొడవ ఇంకోటి ఉంది. మనం "కోల్" అని రాసేది ఇంగ్లిష్‌లో రెండు వేరు వేరు ముక్కలు. సి-హెచ్-ఓ-ఎల్ అయితే పిత్తం. సి-ఓ-ఎల్ అయితే పెద్దపేగు. కోలెక్టమీ అంటే పెద్దపేగును తీసేయడం. సర్జన్లు తొందరలో కోలెసిస్టెక్టమీని "లాప్ కోలె" అని కుదించేస్తారు, అది విని ఎవరైనా లాపరోస్కోపిక్ కోలెక్టమీ అని విస్తరించి రాస్తే పిత్తాశయం పోయిన మనిషికి పేగు పోయినట్టు రికార్డవుతుంది. అందుకే ఆపరేషన్ పేరులో కోల్ ఉన్న ప్రతి రిపోర్టులో నేను పైకి వెళ్ళి జబ్బు పేరు చూస్తాను. అక్కడ రాళ్ళు, కామెర్లు, అల్ట్రాసౌండ్‌లో పెరికోలెసిస్టిక్ ద్రవం, అంటే పిత్తాశయం చుట్టూ చేరిన నీరు, ఇలాంటివి ఉండి కింద కోలెక్టమీ అని ఉంటే సంతకానికి పంపను. ఆడియో మళ్ళీ వింటాను, "సిస్ట్" వినబడే దాకా.